పక్కనే రాసి ఉన్నా వినబడని పేరు

“ఎడిట్, బ్లాంక్. ఎడిట్, బ్లాంక్. ఎడిట్, బ్లాంక్. కాంబో బాక్స్, ఎంచుకోండి. కాంబో బాక్స్, ఎంచుకోండి.”

ఒక డిగ్రీ కాలేజీ అడ్మిషన్ల ఫారాన్ని స్క్రీన్ రీడర్ చదివిన తీరు ఇది. తెర మీద చూస్తే ఆ ఫారంలో లోపమేమీ కనబడదు. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, మొబైల్ నంబరు అని అన్నీ తెలుగులో చక్కగా రాసి, కింద గడులు పెట్టారు. కానీ చూపు లేని విద్యార్థి అదే పేజీ తెరిస్తే ఆ పేర్లలో ఒక్కటీ చెవిన పడదు. తన పేరు ఏ గడిలో రాయాలో, తండ్రి పేరు ఏ గడిలో రాయాలో తెలియదు. చివరికి ఎవరినో బతిమాలి, ఆధార్ నంబరు, మార్కులు, ఫోన్ నంబరు అన్నీ వాళ్లకు చెప్పి నింపించుకోవాలి. ఇంట్లో కూర్చుని తన అప్లికేషన్ తాను పెట్టుకునే వీలుండగా, పేజీ తయారీలోని చిన్న పొరపాటు వల్ల ఆ వీలు పోయింది.

ఆ పొరపాటు తెర మీద కనబడదు. తెర వెనుక ఉన్న హెచ్‌టీఎంఎల్ తెరిచి చూస్తే కనబడుతుంది. అది ఎలా చూడాలో, ఏది తప్పో, ఏది ఒప్పో ఈ ఒక్క పేజీనే పట్టుకుని చెబుతాను.

ముందు స్క్రీన్ రీడర్ సంగతి. ఇది తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివే సాఫ్ట్‌వేర్. విండోస్‌లో ఎక్కువమంది వాడే ఎన్‌వీడీఏను 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టారు. తర్వాత జేమ్స్ టే తోడయ్యారు. ఇద్దరూ చూపు లేనివారే. అది పూర్తిగా ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్, ఐఫోన్లలో వాయిస్‌ఓవర్ ఉంటాయి. ఇవేవీ తెర మీది బొమ్మను చూసి చదవడానికి తయారైనవి కావు. బ్రౌజర్ హెచ్‌టీఎంఎల్‌ను చదివి, పేజీలోని ప్రతి వస్తువుకూ పేరేమిటి, అది ఏ రకం, అందులో ఇప్పుడు ఏముంది అని ఒక జాబితా తయారు చేసి పెడుతుంది. స్క్రీన్ రీడర్ ఆ జాబితా నుంచే మాట్లాడుతుంది. “ఎడిట్” అంటే రకం: రాసే గడి. “బ్లాంక్” అంటే అందులో ఇంకా ఏమీ లేదు. పేరు రావలసిన చోట నిశ్శబ్దం. అంటే జాబితాలో ఆ గడికి పేరే లేదు.

పక్కనే రాసి ఉంది కదా, అది చదవదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చదువుతుంది, కానీ వేరేగా. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు పేజీని రెండు రకాలుగా చదువుతారు. బాణం మీటలు నొక్కుతూ పై నుంచి కిందికి వరుసగా చదవడం ఒకటి. ఫారం నింపేటప్పుడు ట్యాబ్ మీట నొక్కుతూ ఒక గడి నుంచి మరో గడికి దూకడం రెండోది. ట్యాబ్‌తో దూకినప్పుడు మధ్యలో ఉన్న మామూలు అక్షరాలు వినబడవు, గడికి సొంత పేరు ఉంటే అదే వినబడుతుంది. మనం చూస్తున్న ఫారంలో బాణంతో చదివినా లాభం లేదు. ఎందుకంటే దాన్ని టేబుల్‌గా పేర్చారు: మొదటి వరుసలో మూడు పేర్లు, రెండో వరుసలో మూడు గడులు. వరుసగా చదివితే “పేరు, తండ్రి పేరు, తల్లి పేరు” అని ముందు వినబడి, తర్వాత “ఎడిట్, ఎడిట్, ఎడిట్” అని వస్తుంది. కళ్లున్నవాళ్లు పై నుంచి కిందికి చూపు దించి జత కలుపుకుంటారు. వినేవాళ్లకు ఆ జత ఎవరూ చెప్పలేదు.

కోడ్ ఇలా ఉంది:

```
<td>మొబైల్ నంబరు</td>
...
<td><input type="text" name="mob"></td>
```

ఆ పదాలకూ ఆ గడికీ సంబంధం ఉందని చెప్పే మాట ఇందులో లేదు. చెప్పడానికి `label` అనే ట్యాగ్ ఉంది. 1997లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4.0 నుంచీ ఉంది. దాన్ని వాడితే ఇలా మారుతుంది:

```
<label for="mob">మొబైల్ నంబరు</label>
<input type="tel" id="mob" name="mob">
```

గడికి `id` అనే గుర్తు ఇచ్చారు. లేబుల్‌లోని `for` అదే గుర్తును చెబుతోంది. ఇక ఆ రెండూ పేజీలో ఎక్కడున్నా ఫర్వాలేదు, టేబుల్ ఎలా పేర్చినా ఫర్వాలేదు. గడిలోకి వెళ్లగానే “మొబైల్ నంబరు, ఎడిట్, బ్లాంక్” అని వినబడుతుంది. `type="tel"` పెట్టడం వల్ల ఫోన్‌లో అంకెల కీబోర్డు కూడా తెరుచుకుంటుంది. తెర మీద పేజీ రూపం మాత్రం ఏమీ మారదు.

ఇది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి కోడ్ తెలియనవసరం లేదు. మౌస్‌తో గడిని కాకుండా, పక్కనున్న పదాల మీద క్లిక్ చేయండి. కర్సర్ గడిలోకి దూకితే లేబుల్ కట్టి ఉన్నట్టు. ఏమీ జరగకపోతే చాలా వరకు కట్టలేదనే అర్థం. ఫోన్ తెర మీద చిన్న టిక్ గడిని వేలితో నొక్కలేక అవస్థపడే పెద్దవాళ్లకు కూడా ఈ లేబుల్ పనికొస్తుంది. పదాల మీద ఎక్కడ నొక్కినా టిక్ పడుతుంది.

లేబుల్ పెట్టినంత మాత్రాన పని అయిపోయిందనుకోకూడదు. ఇదే కాలేజీ ఫారంలో రెండు గడులకు లేబుల్ పెట్టారు, అయినా తప్పే వచ్చింది. తండ్రి పేరు గడిని కాపీ చేసి తల్లి పేరు గడి తయారు చేసినట్టున్నారు. పైకి కనిపించే పదాలు మార్చారు, గుర్తు మార్చడం మరిచారు:

```
<label for="pname">తండ్రి పేరు</label>
<input id="pname" name="father">
<label for="pname">తల్లి పేరు</label>
<input id="pname" name="mother">
```

ఒకే డోర్ నంబరుతో రెండు ఇళ్లుంటే పోస్ట్‌మాన్ రెండు ఉత్తరాలూ మొదటి ఇంట్లోనే వేసి వెళ్లినట్టు, బ్రౌజర్ రెండు లేబుళ్లనూ మొదటి గడికే కట్టేస్తుంది. మొదటి గడిలోకి వెళ్తే “తండ్రి పేరు తల్లి పేరు” అని వినబడుతుంది. రెండో గడికి పేరు ఉండదు. పదాల మీద క్లిక్ చేసే పరీక్షలో కూడా ఇది దొరికిపోతుంది: “తల్లి పేరు” మీద నొక్కితే కర్సర్ తండ్రి పేరు గడిలోకి వెళ్తుంది. ఫారాలను పరిశీలించేటప్పుడు నేను ఈ తప్పు కోసం ప్రత్యేకంగా వెతుకుతాను. కాపీ చేసి అతికించి తయారు చేసిన ప్రతి ఫారంలో ఇది వచ్చే అవకాశం ఉంది. చూసేవాళ్లకు కనబడదు, పంపిన వివరాలు కూడా సరిగ్గానే చేరతాయి, కాబట్టి తయారు చేసినవాళ్లకు ఎన్నటికీ తెలియదు.

ఇంకో అలవాటు, లేబుల్ తీసేసి గడి లోపలే లేత బూడిద రంగులో “ఈమెయిల్” అని రాయడం. దీన్ని ప్లేస్‌హోల్డర్ అంటారు. పేజీ ఖాళీగా, అందంగా కనిపిస్తుందని డిజైనర్లకు ఇది ఇష్టం. ఇతర పేరేదీ లేకపోతే బ్రౌజర్లు దీన్నే పేరుగా తీసుకుంటాయి కాబట్టి స్క్రీన్ రీడర్‌కు కొంత వినబడుతుంది కూడా. కానీ ఒక్క అక్షరం టైప్ చేయగానే తెర మీద అది మాయమవుతుంది. ఫోన్ వస్తే మాట్లాడి తిరిగొచ్చినవారికి సగం నిండిన గడి ఎందుకోసమో గుర్తుండదు. చూపు మందగించినవారికి ఆ లేత రంగు అసలు ఆనదు. ప్లేస్‌హోల్డర్‌ను నమూనా చూపడానికి మాత్రమే ఉంచి, పేరును లేబుల్‌లోనే రాయడం సరైన పద్ధతి.

ఫారం చివర ఒక ప్రశ్న ఉంది: “హాస్టల్ కావాలా?” దాని కింద అవును, కాదు అని రెండు రేడియో బటన్లు. వాటికి లేబుళ్లు బాగానే ఉన్నాయి. అయినా ట్యాబ్‌తో వచ్చిన విద్యార్థికి “అవును, రేడియో బటన్” అని మాత్రమే వినబడుతుంది. దేనికి అవును? ప్రశ్న మామూలు అక్షరాలుగా పైన ఉండిపోయింది. ఇలాంటి చోట గుంపు మొత్తాన్ని `fieldset` లో పెట్టి, ప్రశ్నను `legend` లో రాయాలి. అప్పుడు గుంపులోకి అడుగు పెట్టగానే ప్రశ్న వినబడుతుంది. రోజు, నెల, సంవత్సరం అని మూడు ముక్కలుగా అడిగే పుట్టిన తేదీకి కూడా ఇదే మందు. లేకపోతే “రోజు” అని వింటారు, కానీ అది పుట్టిన రోజో, పరీక్ష పాసైన రోజో తెలియదు.

ఇక బొమ్మలు. బొమ్మకు మాటల్లో వివరణ ఇచ్చే చోటు `alt`. ఇది 1995లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 2.0లోనే ఉంది. దీన్ని పరిశీలించేటప్పుడు మొట్టమొదట గుర్తుంచుకోవలసింది, `alt` లేకపోవడం వేరు, `alt=""` అని ఖాళీగా పెట్టడం వేరు. ఖాళీగా పెడితే ఈ బొమ్మ అలంకారం కోసమే, వదిలేయమని చెప్పినట్టు. స్క్రీన్ రీడర్ మౌనంగా దాటిపోతుంది. అసలు లేకపోతే దానికి ఏం చేయాలో తెలియదు. కొన్ని సందర్భాల్లో వదిలేస్తుంది, కొన్ని సందర్భాల్లో ఫైలు పేరును అక్షరాలూ అంకెలూ గీతలతో సహా చదువుతుంది.

కాలేజీ పేజీలో పైన లోగో ఉంది. నొక్కితే హోమ్ పేజీకి వెళ్తుంది:

```
<a href="index.php"><img src="lg_final2.png"></a>
```

దీనికి “లోగో” అని వివరణ రాస్తే సరిపోదు. అది లింకు కాబట్టి, నొక్కితే ఎక్కడికి వెళ్తారో చెప్పాలి. `alt="కాలేజీ హోమ్ పేజీ"` అంటే పని జరుగుతుంది. వెతకడానికి పెట్టిన భూతద్దం బటన్‌కు “భూతద్దం” అని కాదు, “వెతుకు” అని రాయాలి. ఫోన్ నంబరు పక్కనున్న చిన్న రిసీవర్ బొమ్మకు ఖాళీ `alt` చాలు, ఎందుకంటే నంబరు పక్కనే అక్షరాల్లో ఉంది. ప్రిన్సిపాల్ ఫోటో కింద పేరు, హోదా ఇప్పటికే ఉన్నాయి, కాబట్టి అవే మళ్లీ రాస్తే రెండుసార్లు వినాలి. “ప్రిన్సిపాల్ ఫోటో” అంటే చాలంటాను నేను. ఖాళీగా వదిలినా తప్పనను. అదే ఫోటో వార్తాపత్రికలో ఒక సంఘటనను చూపిస్తుంటే ఎవరు ఏం చేస్తున్నారో రాయాల్సి వచ్చేది. బొమ్మలో ఏముందన్నదాని కన్నా అది ఆ చోట ఏ పనికి ఉందన్నదే చూడాలి.

ఈ లోపం మీద కేసు వేసి గెలిచినవారున్నారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు ముందు, చూపు లేని ఆస్ట్రేలియా పౌరుడు బ్రూస్ మగ్వైర్ ఒలింపిక్స్ వెబ్‌సైట్‌ను బ్రెయిలీ పరికరంతో చదవబోతే బొమ్మలకు, బొమ్మల మీది లింకులకు వివరణలు లేవు. క్రీడల సూచికకు చేరడమూ కష్టమైంది. ఆయన 1999లో మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. సరిచేయాలంటే చాలా ఖర్చు, చాలా సమయం అని నిర్వాహకులు వాదించారు. కమిషన్ 2000 ఆగస్టులో ఆ వాదనను తోసిపుచ్చి, క్రీడలు మొదలయ్యే నాటికి సరిచేయమని ఆదేశించింది. పూర్తిగా సరిచేయకపోవడంతో ఆయనకు 20,000 ఆస్ట్రేలియన్ డాలర్ల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది.

మన తెలుగు వెబ్‌సైట్లలో ఇంతకన్నా పెద్ద చిక్కు ఒకటుంది. నోటిఫికేషన్‌ను కాగితం మీద ముద్రించి, సంతకం, సీలు వేసి, స్కాన్ చేసి ఆ బొమ్మనే పేజీలో పెట్టేస్తారు. కాలేజీ పేజీలోనూ అంతే. ఫీజుల పట్టిక, చివరి తేదీ, కావలసిన సర్టిఫికెట్ల జాబితా అన్నీ `notice.jpg` అనే ఒక్క బొమ్మలో ఉన్నాయి. ముప్పై గడుల పట్టికను `alt` లో కుక్కడం పరిష్కారం కాదు. వినేవారు వరుసలు, నిలువు గడులు విడదీసుకోలేరు, వెనక్కి వెళ్లి ఒక్క ఫీజు మాత్రం మళ్లీ వినలేరు. ఆ సమాచారాన్ని పేజీలోనే అక్షరాలుగా, ఫీజులను నిజమైన టేబుల్‌గా రాయాలి. స్కాన్ కావాలంటే కింద ఉంచుకోవచ్చు. అక్షరాలుగా రాస్తే సెర్చ్‌లోనూ దొరుకుతుంది, ఫోన్‌లో పెద్దది చేసుకుని చదవడమూ సులువే.

ఒక్క బొమ్మకు మాత్రం `alt` తో మందు లేదు: సబ్మిట్ నొక్కేముందు వంకర అక్షరాలతో వచ్చే క్యాప్చా. అందులోని అక్షరాలు వివరణలో రాసేస్తే దాన్ని పెట్టిన ప్రయోజనమే పోతుంది. కాబట్టి వివరణలో అది క్యాప్చా అని చెప్పి, వినే క్యాప్చానో, ఫోన్‌కు వచ్చే ఓటీపీనో మరో దారిగా ఇవ్వాలి. ఫారమంతా సరిచేసి దీన్ని వదిలేస్తే విద్యార్థి చివరి మెట్టు మీద ఆగిపోతాడు.

తెలుగు పేజీలకు ప్రత్యేకంగా చూడవలసిన లైను ఒకటుంది. కోడ్ మొదట్లో `<html lang="en">` అని ఉందేమో చూడండి. ఇంగ్లిష్ టెంప్లేటు తెచ్చి తెలుగు నింపినప్పుడు ఇది అలాగే మిగిలిపోతుంది. పేజీ ఇంగ్లిష్ అని చెబితే స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతుతోనే చదవబోతుంది. ఆ గొంతుకు తెలుగు రాకపోతే అక్షరాలు వదిలేస్తుంది, లేదా అర్థం కాని ధ్వనులు చేస్తుంది. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్‌లో తెలుగు గొంతు ఉంది. `lang="te"` అని మారిస్తే దానికి మారే అవకాశం దొరుకుతుంది. మధ్యలో వచ్చే ఇంగ్లిష్ పేరాకు విడిగా `lang="en"` పెట్టుకోవచ్చు.

ఇవన్నీ పట్టుకోవడం ఎలాగంటే, కంప్యూటర్‌లో క్రోమ్‌తో పేజీ తెరిచి, అనుమానం ఉన్న గడి మీద కుడి క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కండి. కుడివైపు యాక్సెసిబిలిటీ అనే ట్యాబ్‌లో ఆ వస్తువుకు బ్రౌజర్ లెక్కగట్టిన పేరు `Name` అన్న చోట ఉంటుంది. అది ఖాళీగా ఉంటే స్క్రీన్ రీడర్‌కూ ఖాళీయే. కంట్రోల్, యు నొక్కి వచ్చే సోర్సును మాత్రమే నమ్మకండి. జావాస్క్రిప్ట్ తర్వాత తెచ్చిపెట్టే గడులు అందులో ఉండవు, ఇన్‌స్పెక్ట్‌లోనే ఉంటాయి. `alt` లేని బొమ్మలన్నీ ఒకేసారి కావాలంటే F12 నొక్కి కన్సోల్‌లో ఈ ఒక్క లైను ఇవ్వండి:

```
document.querySelectorAll('img:not([alt])')
```

ఇదే పని విస్తారంగా చేసే ఉచిత టూల్స్ వేవ్, యాక్స్ వంటివి ఉన్నాయి. అవి లేనిదాన్ని పట్టుకుంటాయి, ఉన్నది సరైనదో కాదో చెప్పలేవు. `alt="image1"` అని ఉన్నా చాలా వరకు వాటి దృష్టిలో వివరణ ఉన్నట్టే. తండ్రి పేరు గడికి “తల్లి పేరు” అని లేబుల్ కడితే అభ్యంతరం చెప్పవు. అందుకే టూల్ ఎర్ర గుర్తులేవీ చూపకపోయినా, మౌస్ పక్కన పెట్టి, ఎన్‌వీడీఏ నడిపి, ట్యాబ్‌తో ఫారం మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి నింపి చూడాలి. కళ్లు మూసుకుని చేయనక్కర్లేదు. తెర చూస్తూనే, వినబడేదీ కనబడేదీ ఒకటో కాదో సరిపోల్చుకుంటే తేడాలు బయటపడతాయి. అయినా కళ్లున్నవాళ్లం పేజీ ముందే చూసేసి ఉంటాం కాబట్టి కొన్ని మనకు తట్టవు. రోజూ స్క్రీన్ రీడర్ వాడేవారితో ఒక్కసారైనా నింపించి చూడటం అవసరం, వారి సమయానికి తగిన డబ్బు ఇవ్వడం న్యాయం.

ఈ లోపాలు చిన్న కాలేజీలకే పరిమితం కాదు. వెబ్ఎయిమ్ అనే అమెరికా సంస్థ ప్రపంచంలో ఎక్కువమంది చూసే పది లక్షల వెబ్‌సైట్ల హోమ్ పేజీలను ఏటా టూల్‌తో పరీక్షిస్తుంది. 2025లో సగానికి పైగా పేజీల్లో వివరణ లేని బొమ్మలు, దాదాపు సగం పేజీల్లో లేబుల్ లేని గడులు దొరికాయి.

మన దేశంలో వికలాంగుల హక్కుల చట్టం, 2016 సమాచార సాంకేతికత అందరికీ అందుబాటులో ఉండాలని చెబుతోంది. డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు విడిగా మార్గదర్శకాలున్నాయి. ప్రతి సైటులో వెబ్ ఇన్ఫర్మేషన్ మేనేజర్ ఎవరో, వారిని ఎలా సంప్రదించాలో ఇవ్వాలని అవి చెబుతున్నాయి.

ఇలాంటి పేజీ మీ కంట పడితే వారికి రాయండి. ప్రైవేటు సైటయితే కాంటాక్ట్ పేజీలో ఉన్న చిరునామాకు పంపండి. “మీ సైటు అందరికీ అందుబాటులో లేదు” అని రాస్తే ఎవరూ కదలరు. పేజీ చిరునామా, ఏ గడి, అక్కడ ఏం వినబడింది, ఏం వినబడాలి, ఏ బ్రౌజర్, ఏ స్క్రీన్ రీడర్ అన్నవి రాసి, సరిచేసిన రెండు లైన్ల కోడ్ కూడా జతచేయండి. లేబుల్ కట్టడం తెలిసినవారికి నిమిషాల పని. అడ్మిషన్ల గడువు ముగిశాక కాకుండా ముందే పంపితే, ఈ ఏడాది విద్యార్థికే అది పనికొస్తుంది.